తిమ్మప్ప చాక్లెట్టుకు తోడేసిన వైనం

తిమ్మప్పకు రాని పని లేదు. ఈ సంగతి ఇంకెవరూ అనలేదు, తిమ్మప్పే అనేవాడు. కదిరి పక్క పల్లెలో పుట్టి, అనంతపురం మెస్సులో మూడేళ్లు గిన్నెలు తోమి, అక్కడ తాను మైసూరుపాకు మాస్టరునని ఊళ్లో చెప్పుకున్నాడు. లారీ మీద క్లీనరుగా తిరిగి, ఇంజను విప్పి బిగించడం వచ్చునన్నాడు. ఆ ఇంజను విప్పింది నిజమే. బిగించింది మాత్రం ధర్మవరం నుంచి వచ్చిన మెకానిక్కు. ఈ కథలన్నీ తర్వాత తిమ్మప్పే నవ్వుతూ చెప్పేవాడు. "నాకు పనులు రావప్పా, పనుల పేర్లు వస్తాయి" అనేవాడు. కానీ అలా నవ్వగలిగింది తొంభై ఆరు ఆగస్టు తర్వాతే. అంతకు ముందు ఆయనతో ఆ మాట అని బతికి బట్టకట్టినవాళ్లు లేరు.

కతార్‌కు ఇంటి డ్రైవరుగా వచ్చాడు. అల్ వక్రాలో ఉమ్ జాసిమ్ అనే పెద్దావిడ ఇంట్లో పని. డ్రైవర్లూ పనివాళ్లూ ఆమెను మామా అంటారు, అరబ్బీలో అమ్మ అని. రెండేళ్లు ఆమె పిల్లల్ని బడికీ, ఆమెను పేరంటాలకూ తిప్పాడు. తర్వాత ఆమెకు వ్యాపారం మీద మనసు పడి, దోహాలో అజీజియా వైపు ఒక చాక్లెట్ల కొట్టు తెరిచింది. లెబనాన్ నుంచి నబీల్ అనే షెఫ్‌ను రప్పించింది. తిమ్మప్పకు చల్లబండి తాళాలిచ్చి, "ఇక నుంచి నువ్వు డెలివరీ" అంది.

బండి వెనకభాగం చల్లగా ఉంటుంది, చాక్లెట్లు అందులో సుఖంగా ప్రయాణం చేస్తాయి. ముందు సీట్లో ఏసీ మూలుగుతుంది తప్ప చల్లగాలి రాదు. నలభై అయిదు డిగ్రీల ఎండలో, తడిసిన చొక్కా వీపుకు అంటుకుని, తిమ్మప్ప నడుపుతుంటాడు. తన కంటే చాక్లెట్టుకు మర్యాద ఎక్కువని రోజూ అనుకునేవాడు. ఆ మర్యాద ఉన్న గదిలో, అంటే కొట్టు వెనకాల ఇరవై డిగ్రీల చలిలో ఉన్న చాక్లెట్ల గదిలో, బల్ల ముందు నిలబడి పని చేయాలని ఆయన కోరిక. డెలివరీలు లేనప్పుడు ఆ గదిలోకి దూరి అచ్చులు తుడిచేవాడు, గరిటెలు కడిగేవాడు, చెప్పని పనులూ చేసేవాడు. నబీల్ చూసి చూసి ఒకనాడు అన్నాడు: "ఎప్పుడైనా ఒక్క పెద్ద ఆర్డరు నువ్వు సొంతంగా చేసి చూపించు. మెరవాలి, విరిస్తే టక్‌మనాలి. అప్పుడు మామాతో మాట్లాడి నిన్ను బల్ల పనికి తీసుకుంటా."

"సూస్తూనే ఉండాను గదా, నాకు తెల్దా?" అన్నాడు తిమ్మప్ప. అరబ్బీ, హిందీ, వంటింటి ఇంగ్లీషు కలిపిన భాషలో అన్నాడు గానీ, భావం మాత్రం అచ్చమైన కదిరిదే.

ఆయన చూసిందేమిటో చెప్పాలి. నబీల్ వేడినీళ్ల గిన్నె మీద చాక్లెట్టు కరిగించేవాడు. దింపి కలుపుతూ కలుపుతూ చల్లార్చేవాడు. చివర్లో కొట్టి ఉంచిన చాక్లెట్టు ముక్కలు గుప్పెడు తీసుకుని అందులో వేసేవాడు. మళ్లీ కలిపేవాడు. అచ్చుల్లో పోసేవాడు. తీస్తే అద్దంలా మెరిసే చాక్లెట్లు. "గుప్పెడెందుకు?" అని తిమ్మప్ప అడిగితే, "సీడు, విత్తనం" అన్నాడు నబీల్. "ఇది సరిగ్గా గట్టిపడిన చాక్లెట్టు. దీన్ని చూసి మిగతాది కూడా అట్లాగే గట్టిపడుతుంది."

ఇంకేం, తిమ్మప్పకు అంతా వెలిగిపోయింది. పెరుగు! పాలకు తోడెయ్యడం!

పెరుగు విషయంలో ఆయన నిజంగానే దిట్ట. ఆరుగురు ఉండే గదిలో అందరి పెరుగూ ఆయనదే. ఎన్ని లీటర్ల పాలైనా చిన్న చెంచాడు తోడు, గోరువెచ్చన, పైన తువ్వాలు, కదపకుండా ఒక మూల. చలికాలంలో తన స్వెట్టరు విప్పి గిన్నెకు తొడిగేవాడు, తను వణికేవాడు. పొద్దున గిన్నె తిరగేసినా పెరుగు జారేది కాదు. ఈ ఒక్క విద్య నిజంగా చేతిలో ఉండబట్టే, మిగతా విద్యలన్నీ ఉన్నట్టు ఆయనకు ధైర్యం వచ్చేది.

ఆయనకు తెలియని సంగతేమిటంటే, నబీల్ గిన్నె దింపాక, తిమ్మప్ప బండి కడగడానికి పోయిన వేళకే, తోడు ముక్కల్లో చాలావరకు వేసేసేవాడు. తిమ్మప్ప చూసేది ఆఖరి గుప్పెడు. సినిమాకు విరామం తర్వాత వెళ్లి కథ మొత్తం చెప్పేవాళ్లు ఉంటారు, ఈయన ఆ జాతి.

ఆగస్టులో ఉమ్ జాసిమ్ కూతురికి కొడుకు పుట్టాడు. ఇక్కడ పిల్లాడు పుట్టాక చూడటానికి వచ్చిన ఆడవాళ్లందరికీ చాక్లెట్లు ఇస్తారు, వెండి పళ్లాల్లో గోపురాల్లా పేర్చి. సొంత చాక్లెట్ల కొట్టున్న అమ్మమ్మ ఇంట్లో పళ్లెం ఎలా ఉండాలో చెప్పక్కర్లేదు. ఆరువందల చాక్లెట్లు, కాగితం చుట్టకుండా, మెరుపు కనబడేలా. గురువారం సాయంత్రం అయిదుకు అల్ వక్రా ఇంట్లో ఉండాలి.

బుధవారం మధ్యాహ్నం నబీల్ నడుం పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. మూత్రపిండంలో రాయి. ఆస్పత్రికి తీసుకెళ్లింది తిమ్మప్పే. దారిలో నొప్పితో మెలికలు తిరుగుతూ నబీల్ అడిగాడు: "ఆరువందలు ఎవరు చేస్తారు?"

"నేనుండానుగా షెఫ్," అన్నాడు తిమ్మప్ప. స్టీరింగు మీంచి చెయ్యి కూడా తీసి ఛాతీ మీద కొట్టుకున్నాడు.

నబీల్ నొప్పిలో ఉన్నాడు కాబట్టి ఒప్పుకున్నాడు. మామూలుగా ఉంటే ఒప్పుకునేవాడు కాదు.

కొట్టుకు తిరిగొచ్చి, తిమ్మప్ప చేతులు కడుక్కుని, నబీల్ తెల్లకోటు తొడుక్కున్నాడు. కోటు బొజ్జ దగ్గర కలవలేదు. కొట్టులో పెట్టెలు సర్దే గౌస్ మొహియుద్దీన్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. గౌస్‌ది నిజామాబాద్ పక్క ఊరు. మంచివాడే, కానీ ఎదుటివాడు కిందపడితే లేపే ముందు ఒకసారి నవ్వుకునే రకం.

"గీ పని నీతోని అయితదా తిమ్మప్పన్నా?"

"పెరుగు తోడేసినట్లేలేప్పా. రెండేండ్లుగా సూస్తాండా."

ఆరు కిలోల చాక్లెట్టు కరిగించాడు. గాజు థర్మామీటరు పెట్టి చూశాడు, నలభై ఎనిమిది. అది సరిగ్గానే చేశాడు, ఆ అంకె ఆయనకు కంఠతా వచ్చు. గోరువెచ్చనయ్యేదాకా ఆగాడు. ఎంత గోరువెచ్చన? పాలు తోడేసేంత, వేలు ముంచి చూసుకున్నాడు. ఒక చెంచాడు చాక్లెట్టు పొడి వేశాడు. ఉదారంగా ఇంకో అరచెంచా వేశాడు. రెండు తిప్పులు తిప్పి అచ్చుల్లో పోశాడు. పోశాక గుర్తొచ్చింది, గది చలిగా ఉంది. చలికి తోడుకోదు. ఏసీ కట్టేశాడు. అచ్చుల మీద శుభ్రమైన తువ్వాళ్లు కప్పాడు. ఎవరూ కదపకూడదని తలుపు మూసి, చేతులు దులుపుకుని బయటికొచ్చాడు.

"అయిపాయె?" అన్నాడు గౌస్.

"పొద్దున సూడు."

పొద్దున చూశారు. గది బయటి ఎండతో సమానంగా ఉడుకుతోంది. తువ్వాలు తీస్తే అచ్చుల్లో చాక్లెట్టు బురదలా ఉంది, వేలు పెడితే వేలు దిగింది. నిన్నటి చివరి రెండు అచ్చులు గౌస్ తెలిసో తెలియకో ముందుగదిలో ఏసీ కింద పెట్టాడు. అవి గట్టిపడ్డాయి గానీ బూడిద పూసుకున్నట్టున్నాయి, తెల్లటి చారలు. అచ్చు తిరగేసి కొడితే ఒక్కటీ రాలేదు. గోటితో పెరికితే సగం వచ్చి సగం అచ్చుకే అతుక్కుంది. విరిస్తే చప్పుడే లేదు, మైనంలా వంగింది.

"నీ పెరుగు మంచిగనే తోడుకున్నది అన్నా," అన్నాడు గౌస్. "ఇగ మజ్జిగ గూడ జేస్తవా?"

తిమ్మప్ప ఏడ్వలేక నవ్వాడు. ఏసీ పెట్టి, గట్టిపడిన ఆ రెండు అచ్చుల్లోవి పక్కన ఉంచి, మిగతా అచ్చులన్నీ మళ్లీ గిన్నెలోకి గీకాడు. మొత్తం అయిదు కిలోలు తేలింది, మిగిలింది తువ్వాళ్లకీ తన కోటుకీ. మళ్లీ కరిగించాడు. తోడు తక్కువైందేమో అనుకున్నాడు. ఈసారి తెల్లచారలు పడి గట్టిపడిన ముక్కల్నే పొడి చేసి రెండు గుప్పెళ్లు వేశాడు. గట్టిగానే ఉన్నాయి కదా, చాక్లెట్టే కదా అని ఆయన లెక్క. కత్తి మొన మీద కొంచెం తీసి పెట్టి చూశాడు. నబీల్ అలాగే చూసేవాడు, మూడు నాలుగు నిమిషాల్లో అది మెరుస్తూ గట్టిపడాలి. పది నిమిషాలైంది. పావుగంటైంది. కత్తి మీద చాక్లెట్టు తడిగా, దిక్కుమాలినట్టు, ఆయన వైపే చూస్తోంది.

పదకొండైంది. గదిలో మంచి చాక్లెట్టు ఇంకా రెండు కిలోలే ఉంది, ముట్టుకోని పలక. కొత్త సరుకు వచ్చేది శనివారం. దాన్ని కూడా పోగొడితే సాయంత్రం పళ్లెంలో పెట్టడానికి ఏమీ ఉండదు. ఉమ్ జాసిమ్ మనవడి పేరంటం, వచ్చినవాళ్లందరి ముందు ఆమె తల దించుకోవాలి. తర్వాత తిమ్మప్పకు బల్ల లేదు సరిగదా, కొట్టు గడపే లేదు. మళ్లీ పిల్లల్ని బడికి దింపే సీటే గతి.

అన్నిటికంటే కష్టం ఇంకొకటుంది. టెలిఫోను తీసి, నాకు తెలియదు అని చెప్పాలి. నలభై రెండేళ్ల జీవితంలో తిమ్మప్ప ఆ మాట అనలేదు. ఊళ్లో ఎవరైనా దారి అడిగితే, తెలియని ఊరికి కూడా దారి చెప్పి పంపిన మనిషి. ఫోను ముందు నిలబడి చెమట తుడుచుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలుతున్నాయి. గౌస్ ఈసారి నవ్వలేదు.

"ఫోన్ కొట్టు అన్నా. తల్కాయ ఏం తీసెయ్యడు గదా," అన్నాడు.

ఆస్పత్రి వార్డుకు కలిపారు. నబీల్ గొంతు నీరసంగా ఉంది.

"షెఫ్, పాడైపోయింది. రెండుసార్లు. నాకు... నాకు తెలీదు."

నబీల్ అడిగాడు: "సీడు ఎంత వేశావు?"

"చెంచాడు. ఒకటిన్నర చెంచా."

"ఎన్ని కిలోలకు?"

"ఆరు."

అవతల నుంచి ఒక వింత శబ్దం వచ్చింది. నబీల్ నవ్వుతున్నాడు, నవ్వితే రాయి కదులుతోంది, కదిలితే అరుస్తున్నాడు, అరుస్తూ మళ్లీ నవ్వుతున్నాడు. నర్సు ఎవరో ఆయన్ని కోప్పడటం తిమ్మప్పకు వినబడింది. అంత సిగ్గులోనూ ఆయనకు నవ్వొచ్చింది. ఒరే తిమ్మప్పా, రోగిని చంపేస్తావురా, అనుకున్నాడు.

"విను," అన్నాడు నబీల్ తేరుకుని. "పెరుగులో తోడు పెరుగుతుంది, చాక్లెట్టులో పెరగదు. నువ్వు ఎంత వేశావో అంతే పని చేస్తుంది. మొత్తంలో ఇంచుమించు మూడో వంతు కావాలి. ఎన్ని కిలోలు కరిగించావు?"

"అయిదు."

"మంచి పలక?"

"రెండు."

"సరిపోతుంది. రెండూ వెయ్యి. చెడిపోయింది మాత్రం సీడుకు పనికిరాదు. అది తప్పు పద్ధతిలో గట్టిపడింది, నువ్వు కలిపే వేడికే కరిగి మాయమవుతుంది, దాని నుంచి మిగతాది ఏం నేర్చుకుంటుంది? కరిగించడానికైతే బంగారంలా పనికొస్తుంది, ఒక్క చుక్క నీళ్లు పడకపోతే చాలు. చాక్లెట్టును ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ మొదలుపెట్టొచ్చు."

"గది?"

"గది ఎలా ఉంది?"

తిమ్మప్ప ఒక్క క్షణం ఆలోచించాడు, చెప్పకుండా దాటెయ్యచ్చా అని. "రాత్రంతా ఏసీ కట్టేసినా, షెఫ్. వెచ్చగుంటే తోడుకుంటుందని."

అవతల మళ్లీ నర్సు గొంతు.

గోడలు రాత్రంతా తాగిన వేడి దిగడానికి ఒంటిగంటైంది. థర్మామీటరు గదికీ చాక్లెట్టుకూ ఒకటే కావడంతో తిమ్మప్ప దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. గది ఇరవై ఒకటికి దిగాక మొదలుపెట్టాడు. అచ్చుల్ని దూదితో ఒక్కొక్క గుంటా తుడిచాడు, తడి లేకుండా. అయిదు కిలోలూ నలభై ఎనిమిదికి కరిగించి దింపాడు, గిన్నె అడుగు తడి తుడిచాడు. మంచి పలకను సన్నగా తరిగాడు. గిన్నె నలభైకి దిగేదాకా కలిపి, అప్పుడు తరిగినది కొంచెం కొంచెంగా వేశాడు. వేసిన ప్రతిసారీ కరిగేదాకా కలిపాడు. పెరుగైతే కదపకూడదు. ఇది కదపకపోతే ఊరుకోదు. చెయ్యి లాగింది, భుజం పట్టేసింది. ముప్పై ఆరు. ముప్పై నాలుగు. ఆఖరి గుప్పెడు వేశాక ముక్కలు కరగడం నెమ్మదించింది. ముప్పై రెండు దగ్గర నాలుగైదు ముక్కలు కరగకుండా అట్లాగే తేలుతున్నాయి. కంగారుగా ఫోనుకు పరుగెత్తబోయి ఆగాడు. కరగలేదంటే తోడు ఇంకా బతికే ఉంది. ఎవరూ చెప్పకుండా ఒక పని ఎందుకు అలా అవుతోందో ఆయనకు అర్థమవడం, ఆయన లెక్కలో, అదే మొదటిసారి.

ఆ ముక్కలు తీసేసి కత్తి మొన ముంచి బల్ల మీద పెట్టాడు. గౌస్ చేతి గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఒక నిమిషం. రెండు. అంచుల్లో తడి తగ్గింది. మూడున్నర నిమిషాలకు మొత్తం ఆరి, నిగనిగలాడుతూ గట్టిపడింది. వేలితో తాకితే అంటలేదు.

"యల్లా, కానియ్ అన్నా, పొయ్!" అని గౌస్ అరిచాడు.

పోశాడు. గిన్నె మరీ చల్లారి చిక్కబడుతుంటే వేడినీళ్ల మీద క్షణం ఉంచి తీశాడు, ముప్పై మూడు దాటకుండా కళ్లప్పగించి చూస్తూ. అచ్చులు బల్లకేసి తట్టి బుడగలు పోగొట్టాడు. అంతా అయ్యేసరికి మూడైంది. ఏసీ ఉన్నా గది మళ్లీ ఇరవై మూడుకు ఎక్కింది, మనుషుల వేడికీ గిన్నె వేడికీ. ఇక లాభం లేదని పద్దెనిమిది డిగ్రీల్లో ఉండే చల్లబండి వెనకభాగంలోకి అచ్చులన్నీ మోశారు. నాలుగుంపావుకు మొదటి అచ్చు తెచ్చి తిరగేశాడు. కొట్టనక్కర్లేదు. చాక్లెట్లు వాటంతట అవే ముడుచుకుని అచ్చును వదిలేశాయి, గలగలమని రాలిపడ్డాయి. గౌస్ ఒకటి తీసుకుని విరిచాడు. టక్.

తిమ్మప్ప గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. గౌస్ మాత్రం మిగతా అచ్చులు వరసగా తిరగేస్తూ పళ్లాలు సర్దేశాడు. చాక్లెట్లు మొత్తం ఆరువందల ఇరవై తేలాయి.

అల్ వక్రా చేరేసరికి అయిదుంపావు. ఆడవాళ్ల కార్లు వాకిట నిండా ఉన్నాయి. తిమ్మప్ప వెనక వాకిలి దగ్గర పళ్లాలు దింపుతుంటే ఉమ్ జాసిమ్ తనే బయటికొచ్చింది. ఒక చాక్లెట్టు తీసి వెలుతురుకు పట్టింది, తిప్పి చూసింది, విరిచింది. తిన్నాక ఇంకొకటి తీసుకుంది.

"నబీల్ ఆస్పత్రిలో ఉన్నాడు. ఇవెవరు చేశారు?"

"నేనే, మామా."

"నువ్వా?" ఆమె ముఖంలో నవ్వు లేదు. "మొదటిసారికే ఇంత బాగా వచ్చాయా?"

అవునంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, నలభై రెండేళ్లుగా నడిచిన దారే అది. గౌస్ ఇక్కడ లేడు, నబీల్ మంచం మీద ఉన్నాడు. అవును అనేస్తే రేపు బల్ల తనది. తిమ్మప్ప తన చేతులు చూసుకున్నాడు, గోళ్ల సందుల్లో ఇంకా చాక్లెట్టు ఉంది.

"లేదు మామా. రెండుసార్లు పాడు చేసినా. రాత్రి ఏసీ కూడా కట్టేసినా. షెఫ్ ఫోన్లో చెప్తేనే ఇది వచ్చింది. నాకు అసలు తెలీదు."

అనేశాక ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. పోయింది బల్ల, పట్టు స్టీరింగు, అనుకున్నాడు. ఖాళీ పళ్లాల పెట్టె ఎత్తుకోబోయాడు.

"నబీల్ మధ్యాహ్నం ఫోన్ చేశాడు," అంది ఆమె. "రెండుసార్లనే చెప్పాడు. నువ్వెన్నిసార్లని చెప్తావో చూద్దామని అడిగాను."

తిమ్మప్ప ఎత్తబోయిన పెట్టె మళ్లీ కింద పెట్టాడు.

"ఆ బండి తాళాలు ఇలా ఇవ్వు. శనివారం నుంచి మా ఇంటి కొత్త డ్రైవరు ఫరీదుద్దీన్ నడుపుతాడు, నువ్వు నబీల్ పక్కన బల్ల దగ్గర," అంది ఉమ్ జాసిమ్. చెయ్యి చాపింది, ఆ చేతి వేళ్లకు చాక్లెట్టు అంటలేదు.